పాత ఐస్ ఫ్యాక్టరీ ఆయనకు ఉన్నమాట చెప్పడం ఎట్టా?

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర. రొయ్యల పట్టుబడులు చేసి కంపెనీలకు తోలుతాం. నాన్న కాలం నుంచి, అంటే 14 ఏళ్లుగా ఒకే ఐస్ ఫ్యాక్టరీ. ఆయన్ని మామా అని పిలుస్తాను. రెండేళ్లుగా తేడా కనిపిస్తోంది. దిమ్మ తేలికగా ఉంటోంది, బండి ఆలస్యంగా వస్తోంది. ఫలానా రోజు నుంచి చెడిందని చెప్పలేను. ఒకట్రెండు సార్లు అన్నాను, "చూస్తాలే అబ్బయ్యా" అన్నాడు, అంతే. బంధం చెడకుండా ఉన్నది ఉన్నట్టు ఎలా చెప్పాలి? లేక ఏమీ అనకుండా వేరే ఫ్యాక్టరీకి మారిపోవడమే మంచిదా?

సమాధానం:

తమ్ముడూ, నేను ఇందుకూరుపేట, విడవలూరు వైపు 22 ఏళ్లుగా పట్టుబడులు చేయిస్తున్నాను. టైగర్ రొయ్య రోజుల నుంచి ఉన్నాను. సరిగ్గా నీకొచ్చిన ఇబ్బందే నాకూ వచ్చింది, అదీ ఐస్ దగ్గరే. మొదట తప్పుగా చెప్పి చెడగొట్టుకున్నాను, తర్వాత సరిగా చెప్పి కొంత బాగుచేసుకున్నాను. రెండూ చెప్తాను.

చెప్పకుండా మారిపోవద్దు. అట్టా అని రేపే వెళ్లి చెప్పొద్దు కూడా. ముందు మీ ఇంట్లో ఉన్న పాత పట్టుబడి పుస్తకాలు తీయి. టన్ను రొయ్యకి మీ నాన్న ఎన్ని దిమ్మలు తెప్పించేవాడో, ఇప్పుడు నువ్వు ఎన్ని తెప్పిస్తున్నావో పక్కపక్కన రాసి చూడు. నేను చూసినప్పుడు నాకు దిమ్మ తిరిగింది. మొదట్లో మూడు టన్నుల పట్టుబడికి 60 దిమ్మలు చెప్పేవాళ్లం. దిమ్మ 50 కిలోలు కాబట్టి కిలో రొయ్యకి కిలో ఐస్, అదే అందరి లెక్క. నేను పుస్తకం తీసేనాటికి అదే మూడు టన్నులకి మావాళ్లు 68 చెప్తున్నారు. ఎవడూ నన్ను అడగలేదు, నేనూ గమనించలేదు. ఐస్ చాలడం లేదని మా మేస్త్రీ ఒకసారి నాలుగు పెంచాడు, ఆర్నెల్ల తర్వాత ఇంకో నాలుగు పెంచాడు. ఎవరిమీదా చెప్పకుండా పని జరిపించుకున్నాడు, అది వాడి మంచితనమే. కానీ ఆ సర్దుబాటే తగ్గుదలని కప్పేసింది. ఫ్యాక్టరీ ఆయనకైతే నా ఆర్డరు పెరిగినట్టు కనిపించింది. వ్యాపారం బాగుంది, మనవాడు ఎక్కువ తీసుకుంటున్నాడు అనుకున్నాడు. నిన్న వచ్చిన దిమ్మకీ ఈరోజు వచ్చినదానికీ తేడా కంటికి ఆనదు. 14 ఏళ్ల కిందటి దిమ్మతో పోల్చాలి, అది పుస్తకంలోనే ఉంటుంది.

రెండోది, తూకం. "ఈమధ్య ఐస్ సరిగా రావట్లేదు మామా" అంటే ఆయన "చూస్తాలే" అనక ఇంకేమంటాడు? చూడ్డానికి నువ్వేం ఇవ్వలేదు. వచ్చే ఎనిమిది లోడ్లకి ఒక పని చెయ్యి. బండి కట్ట మీదకి రాగానే, క్రషర్‌లో వెయ్యకముందే, ముందువైపు నుంచి ఐదు, వెనకవైపు నుంచి ఐదు దిమ్మలు దించి కాటా మీద పెట్టు. బండి ఫ్యాక్టరీలో బయల్దేరిన టైము డ్రైవర్ని అడుగు, కట్ట మీదకి చేరిన టైము నువ్వు రాయి. ఇక్కడ న్యాయంగా ఉండాలి. దిమ్మ రోడ్డు మీద కొంత కరుగుతుంది. గంటలో వచ్చిన 50 కిలోల దిమ్మ 48 తూగితే అది పేచీ పెట్టాల్సిన విషయం కాదు. మీ కూలీలు రాక బండి గంటన్నర కట్ట మీద ఎండలో నిలబడితే ఆ కరుగు నీది, ఆయనది కాదు. మీ ఐస్ ఫ్యాక్టరీలోనే పొడి చేసి తోలేదైతే దిమ్మలు లెక్కపెట్టే వీలుండదు. అప్పుడు బండిని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించి చీటీ తీసుకో.

తూచినవాటిలో ఒక దిమ్మని అడ్డంగా పగలగొట్టి చూడు. మధ్యలో తెల్లటి గీత ఉంటే కంగారుపడొద్దు, అది ఎప్పుడూ ఉండేదే. నీళ్లలో ఉన్న గాలి, లవణాలు గడ్డకట్టేటప్పుడు చివరికి నడిమికి చేరతాయి. గీత బదులు చెయ్యి దూరేంత బోలు ఉండి, వంచితే నీళ్లు కారాయంటే మాత్రం అది గడ్డకట్టడం పూర్తికాకముందే పైకి తీసిన దిమ్మ. పైపొర నాలుక మీద పెడితే ఉప్పగా ఉందంటే దిమ్మ గడ్డకట్టే డబ్బాకి చిల్లులు పడి, దాని చుట్టూ ట్యాంకులో ఉన్న ఉప్పునీళ్లు లోపలికి వస్తున్నాయి. ఈ రెండూ వేరువేరు జబ్బులు. ఏది ఉందో తెలిసి వెళ్తే నీ మాటకి విలువ ఉంటుంది.

మా తూకంలో సగటున దిమ్మ 44 కిలోలు వచ్చింది. 60 దిమ్మలకి 360 కిలోలు లోటు. మూడు టన్నుల మీద ఇదెంతలే అనిపిస్తుంది కదా? నాకూ అట్టాగే అనిపించింది. ఆ లోటు ఎక్కడ తగులుతుందో చెప్తాను, ఆయన దగ్గర నువ్వు చెప్పాల్సిన అసలు విషయం ఇదే.

చెరువులోంచి తీసిన రొయ్య 30 డిగ్రీల వేడిలో ఉంటుంది. కిలో రొయ్యని సున్నా దాకా దించడానికి మూడోవంతు కిలో ఐస్ కరిగితే చాలు. అంటే మూడు టన్నులకి దాదాపు టన్ను ఐస్. రొయ్యని ముంచే టబ్బుల్లో నీళ్లు కూడా అదే వేడిలో ఉంటాయి. 500 లీటర్ల టబ్బు నీళ్లని చల్లార్చడానికే దాదాపు 190 కిలోలు, అంటే నాలుగు దిమ్మలు పోతాయి. పట్టుబడి అయ్యేలోగా మూడు టబ్బుల నీళ్లు మార్చామనుకో, అరటన్ను పైన అక్కడే అయిపోతుంది. ఇక మిగిలింది టన్నున్నర లోపు. పెట్టెల్లో పొరలు పొరలుగా వేసి, కంపెనీ గేటు దాకా కాపాడాల్సింది అదే. 360 కిలోల లోటు ఈ చివరి భాగం లోంచే పోతుంది, దాంట్లో పావు వంతు పోయినట్టు. అందుకే కట్ట మీద ఎవరికీ ఏమీ తెలియదు. రొయ్య చల్లగానే ఉంటుంది, చేతికి బిగువుగానే తగులుతుంది. లోటు బయటపడేది కంపెనీ గేటు దగ్గర, పెట్టె నడుమ రొయ్యలో థర్మామీటరు సూది గుచ్చినప్పుడు. వాళ్లు 4 డిగ్రీల లోపు అడుగుతారు. పెంచకుండా 60 దిమ్మలే తెప్పించిన ఒక రోజు మాకు నడి పెట్టెలో 8, 9 కనిపించింది. తలల దగ్గర నల్లమచ్చ మొదలైంది. చలి ఆ మచ్చని ఆపదు, ఆలస్యం చేస్తుంది అంతే, చలి తగ్గితే అది తొందరగా వచ్చేస్తుంది. ఆ రోజు మొత్తం లోడు మీద రేటు తగ్గించారు. రైతుకి మేము మాటిచ్చిన రేటు ఇచ్చాం, తేడా మా మీద పడింది.

ఫ్యాక్టరీ ఆయనకి ఈ రెండో సగం ఎప్పుడూ కనపడదు. దిమ్మలు ఆయన గేటు దాటితే ఆయన లోకం అయిపోతుంది. "నీ దిమ్మ తేలిక" అంటే ఆయనకి ఆరు కిలోల ఐస్ గురించి గీచిగీచి అడుగుతున్నట్టు వినిపిస్తుంది. "నీ ఆరు కిలోలు నాకు కంపెనీ గేటు దగ్గర పెట్టె నడుమ తగ్గుతున్నాయి" అంటే అప్పుడు వింటాడు.

ఇప్పుడు నేను చేసిన తప్పులు. మా ఐస్ ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అంటాను. అప్పటికి మాకు పదకొండేళ్ల పరిచయం. మా అమ్మ పోయిన రాత్రి, మా అక్క వచ్చేదాకా ఉంచాలంటే, రాత్రి పన్నెండింటికి ఆయనే స్వయంగా దిమ్మలు వేసుకుని ఇంటికొచ్చాడు. డబ్బులిస్తే చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టాడు. అలాంటి మనిషిని ఐస్ బాలేదని ఎట్టా అనేది? నోరు రాలేదు. నోరు రాక, బండి డ్రైవర్‌తో అన్నాను, "మీ ఓనరుకి చెప్పు, దిమ్మలు బోలుగా వస్తున్నాయని." డ్రైవర్ వెళ్లి ఏం చెప్పాడో తెలుసా? "వాళ్లకి మన ఐస్ నచ్చట్లేదంట, వేరే ఫ్యాక్టరీ చూసుకున్నారేమో." మధ్యలో ఒక మనిషిని పెడితే మాట చేరదు, మాటకి ఆ మనిషి చెప్పుకునే అర్థం చేరుతుంది.

దానికంటే పెద్ద తప్పు, ఆ నెల బిల్లులో ఏడు దిమ్మల డబ్బు కోసేసి మిగతాది పంపాను. ఎందుకు కోశానో చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆ తర్వాత మా బండి లోడింగ్ ఎప్పుడూ చివరకే వచ్చేది. నాలుగింటికి పట్టుబడి మొదలైతే ఐదింటికి ఐస్ వచ్చేది. నేను నోటితో చెప్పాల్సింది లెక్కతో చెప్పాను, ఆయన నోటితో అడగాల్సింది లోడింగ్‌తో అడిగాడు. అట్టా ఇద్దరం ఐదు నెలలు మాట్లాడుకోకుండానే పోట్లాడుకున్నాం.

సరిగా చెప్పింది ఇట్టా. పట్టుబడులు తక్కువగా ఉన్న వారం చూసుకుని, మధ్యాహ్నం మూడింటికి ఒక్కణ్ణే వెళ్లాను. ఐస్ ఫ్యాక్టరీలో తెల్లవారుజాము, సాయంత్రం లోడింగ్ ఉంటుంది, ఆ టైములో ఓనరు చెవి ఎవరికీ ఉండదు. కట్ట మీద రైతు ముందు, కంపెనీ వాళ్ల ముందు అసలు చెప్పొద్దు. వెళ్లేముందు పాత బాకీ మొత్తం కట్టాను, కోసిన ఏడు దిమ్మల డబ్బుతో సహా. ఇది చాలా ముఖ్యం తమ్ముడూ. ఆయనకి నువ్వు బాకీ ఉండి ఐస్ బాలేదంటే, డబ్బు ఎగ్గొట్టడానికి వంక వెతుకుతున్నావనే అనుకుంటాడు. నువ్వైనా అట్టాగే అనుకుంటావు.

టీ వచ్చాక ఇంటి సంగతులతో నానబెట్టలేదు. పావుగంట పిల్లల చదువులు మాట్లాడి తర్వాత అసలు విషయం ఎత్తితే, ఆ పావుగంట కూడా నటనే అనిపిస్తుంది ఎదుటివాళ్లకి. నేనన్నది ఇంతే: "అన్నా, ఒక మాట చెప్పడానికే వచ్చా. రెండేళ్లుగా దిమ్మ తగ్గుతోంది. ఎనిమిది లోడ్లు తూచా, సగటు 44 వచ్చింది. మొదటి లోడు నాడే చెప్పాల్సింది, చెప్పలేదు, డ్రైవర్‌తో చెప్పి బిల్లు కోశా, అది నాదే తప్పు. నాకు నీ దగ్గరే తీసుకోవాలనుంది. ఇట్టాగే ఉంటే మాత్రం తీసుకోలేను." కాగితం ఆయన ముందు పెట్టి నోరు మూసుకున్నాను. ఒకే కాగితం. తేదీ, దిమ్మ బరువు, బండి బయల్దేరిన టైము, చేరిన టైము.

అప్పుడు వచ్చిన నిశ్శబ్దం భరించడం కష్టం. నోరు ఊరుకోదు, "పర్లేదులే అన్నా, పెద్ద సమస్యేం కాదు" అని మనమే వెనక్కి తీసుకుంటాం. ఒక్క ఆ మాటతో చెప్పిందంతా పోతుంది. నేను టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయనకి కోపం వచ్చింది. "పదకొండేళ్ల తర్వాత నా దిమ్మకి కాటా పెట్టావా?" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. "నీ మీద నమ్మకం లేక కాదన్నా, నా కళ్ల మీద నమ్మకం లేక పెట్టా. రెండేళ్లు నాకే తెలియలేదు" అన్నాను. తేలిగ్గా తీసుకోమని అనలేదు, అంకె తప్పని ఒప్పుకోలేదు. కాసేపటికి ఆయనే లేచి, "దా, ట్యాంకు చూద్దాం" అన్నాడు.

అక్కడ తెలిసింది చెప్తాను, మీ మామ దగ్గరా ఇదే అయ్యుండొచ్చు. ఐస్ దిమ్మ చన్నీళ్లలో కాదు, ఉప్పునీళ్ల ట్యాంకులో డబ్బాలు దించి గడ్డకట్టిస్తారు. ఆ ఉప్పునీళ్లు సున్నాకి కింద 10 డిగ్రీల దగ్గర ఉంటే, ఏడంగుళాల మందం దిమ్మ 19, 20 గంటల్లో నడిమి దాకా గట్టిపడుతుంది. అవే ఉప్పునీళ్లు సున్నాకి కింద 6 దగ్గర ఉన్నాయనుకో, అదే దిమ్మకి 30 గంటల పైన పడుతుంది. నాలుగు డిగ్రీల తేడాకి పన్నెండు గంటలు. ఆ రోజు ట్యాంకులో థర్మామీటరు పెడితే 6 చూపించింది. పాత ఫోర్‌మన్ రెండేళ్ల కింద మానేసి వెళ్లాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఎవరో "24 గంటలకి తియ్యాలి" అని చెప్పారు, వాళ్లు గడియారం చూసి తీస్తున్నారు. నడుమ ఇంకా నీళ్లే. దిమ్మ బయటికి తియ్యగానే ఆ నీళ్లు కారిపోతాయి, నాలుగు కిలోలు అక్కడే పోతాయి, మిగతా రెండు దారిలో.

ట్యాంకు ఎందుకు వేడెక్కిందంటే ఒక్క కారణం కాదు. డబ్బాలు ముంచి తీసేటప్పుడు పడే మంచినీళ్లతో ఉప్పు పలచబడుతుంది. మళ్లీ ఉప్పు వెయ్యాలి, హైడ్రోమీటరుతో చూసుకుంటుండాలి, అది ఎవరూ చూడలేదు. ఉప్పు పలచబడితే లోపలి అమ్మోనియా గొట్టాల చుట్టూ ఐస్ పేరుకుని చలి ట్యాంకులోకి రావడం తగ్గుతుంది. కంప్రెసర్ కూడా అరిగింది. ఆయన రోజూ పొద్దున వచ్చి బిల్లులు చూసుకుని వెళ్లేవాడు. దిమ్మలు లెక్క ప్రకారం బయటికి పోతున్నాయి, కొనేవాళ్లు ఎవరూ ఏమీ అనడం లేదు. ఆయనకి తెలిసే దారే లేదు. రెండేళ్ల మా మర్యాద ఆయన్ని అక్కడే ఉంచేసింది.

అందుకే, దొంగతనం అనే అనుమానంతో మాత్రం పోవద్దు. బోలుగా ఉన్న దిమ్మ సాధారణంగా చలి తగ్గిందనో, తొందరపడి తీశారనో చెప్తుంది. 60 చెప్తే 57 దించి 60 అని రాసిచ్చారంటే అది వేరే సంగతి, దానికి వేరే మాట. ఆ రెండూ ఒకే రోజు కలిపి మాట్లాడొద్దు.

ఇంకో ప్రశ్న నిన్ను నువ్వే వేసుకోవాలి. ఆయనకి రేటు చివరిసారి ఎప్పుడు పెంచావు? ఐస్ ఫ్యాక్టరీకి పెద్ద ఖర్చు కరెంటే. రేటు కదలకుండా ఉండి కరెంటు బిల్లు పెరిగితే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తగ్గిస్తారు, ఆయన నోటితో అడగలేక దిమ్మలో తగ్గించి ఉండొచ్చు. నేను ఆ రోజే అన్నాను, "రేటు పెంచాలంటే అడుగన్నా, దిమ్మ మాత్రం తగ్గించొద్దు." ఆయన రెండు నెలల తర్వాత అడిగాడు, ఇచ్చాను. 44 కిలోల దిమ్మకి కట్టేకంటే 49 కిలోల దిమ్మకి కొంచెం ఎక్కువ కట్టడమే నాకు చవక.

ఏం మారాలో కూడా నీ దగ్గర స్పష్టంగా ఉండాలి. "బాగా పంపించు మామా" అంటే ఆయన పంపేదంతా బాగానే ఉందనుకుంటాడు. మేం మూడు మాటలు అనుకున్నాం. దిమ్మ కట్ట మీద 48కి తగ్గకూడదు. తగ్గితే తూచిన బరువుకే బిల్లు, ఇద్దరికీ తెలిసేలా. ఆర్డరు తీర్చలేననుకుంటే ముందురోజు సాయంత్రం ఆరింటికల్లా ఫోన్ చెయ్యాలి. ఈ మూడోదే అన్నిటికంటే పనికొచ్చింది. ఎందుకంటే కంప్రెసర్ బాగయ్యేదాకా ఆయన 30 గంటలు దాటాకే తియ్యాలి. అట్టా తీస్తే రోజుకి వచ్చే దిమ్మలు తగ్గిపోతాయి. అందరి ఆర్డర్లూ ఒప్పుకుని అందరికీ బోలు దిమ్మలు పంపడం ఆపి, కొందరికి లేదని చెప్పాలి. పాత ఖాతాదారుడికి "లేదు" అని చెప్పడం ఆయనకీ కష్టమే, నాకు "బాలేదు" అని చెప్పడం ఎంత కష్టమైందో అంతే.

నీవైపు నుంచి కూడా ఒకటి ఇవ్వాలి. నువ్వు ఆర్డరు ఎప్పుడు చెప్తున్నావు? పట్టుబడి తెల్లవారుజామున నాలుగింటికి పెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, ఆయన దగ్గర ఉన్నది తీసి పంపడం తప్ప దారి లేదు. గడ్డకట్టిందా లేదా అని చూసే టైము నువ్వే తీసేసుకున్నావు. మేం ముందురోజు మధ్యాహ్నమే చెప్పడం మొదలుపెట్టాం. రైతులు పట్టుబడి రోజు చివరి నిమిషంలో మారుస్తారు, అది నాకు తెలుసు. అయినా పదిలో ఏడుసార్లు ముందే చెప్పొచ్చు.

ఇప్పుడు కొడుకు ఫ్యాక్టరీ చూసుకుంటున్నట్టయితే, నేరుగా కొడుకు దగ్గరికి పోవద్దు, కొడుకు ముందు తండ్రితో చెప్పొద్దు. ముందు తండ్రితో ఒంటరిగా చెప్పి, "ఈ లెక్కలు ఎవరితో చూసుకోమంటావు మామా" అని అడుగు. ఆయన కొడుకుని పిలిస్తే మంచిది. "నేను చెప్తాలే" అంటే వారం ఆగి మళ్లీ అడుగు. ఇంటి లోపలి సంగతి వాళ్లనే తేల్చుకోనియ్యి.

అంతా బాగుపడుతుందని చెప్పను. మా దగ్గర దిమ్మ నెలన్నరలో 49కి వచ్చింది. బండి టైము మాత్రం ఎప్పటికీ బాగుపడలేదు, ఎందుకంటే ఆయనకి ఉన్నది ఒక్క బండే, ఇంకోటి కొనే ఉద్దేశం లేదు. రెండు నెలల లెక్కలు చూపించి చెప్పాను, "అన్నా, తెల్లవారుజామువి ఇంకో ఫ్యాక్టరీలో తీసుకుంటా, పగటివి, సాయంత్రంవి నీ దగ్గరే." వేరే ఫ్యాక్టరీ వాళ్ల బండి కట్ట మీద ఆయన డ్రైవరు చూసి చెప్పకముందే నా నోటితోనే విన్నాడు. ముఖం చిన్నబోయింది, కానీ వాదించలేదు. మూడో రోజు పగటి పట్టుబడికి దిమ్మలు టైముకే వచ్చాయి.

ఒకవేళ మీ మామ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లకుండా, కాగితం పక్కకి నెట్టి, "ఇష్టముంటే తీసుకో" అంటే? రెండు వారాలు ఆగి మళ్లీ ఎనిమిది లోడ్లు తూచు. అంకె కదిలిందా లేదా చూడు. నోటితో ఒప్పుకోనివాళ్లు కూడా చేతల్లో సరిచేస్తారు, మాది పౌరుషాల ఊరు. అంకె కదలకపోతే అప్పుడు వెళ్లి, సగం ఆర్డరు ఎక్కడికి పోతోందో, ఎప్పటి నుంచి పోతోందో ముందుగా చెప్పి పంచు. ఒక్కసారిగా మొత్తం ఆపొద్దు. సీజన్లో కొత్త ఫ్యాక్టరీ వాళ్లు వాళ్ల పాత ఖాతాదారులకి ఇచ్చాకే నీకిస్తారు, ఆ రోజు నీకు ఎక్కడా ఐస్ ఉండదు.

బాగుపడితే కూడా వెళ్లు. ఇది చాలామంది చెయ్యరు. నేను 49 వచ్చిన నెల అదే కాగితం మీద కొత్త అంకెలు రాసుకుని వెళ్లాను. ఆయన చదివి గోడకున్న క్యాలెండరు వెనక పెట్టుకున్నాడు. ఈమధ్య వెళ్తే ట్యాంకు పక్కన నల్లబోర్డు కనిపించింది, వరస వరసకీ డబ్బాలు ఎన్నింటికి దించారో సుద్దతో రాసి ఉంది. కుర్రాడిని అడిగితే "తీసే టైము బోర్డు చూసే తియ్యాలంట సార్" అన్నాడు.

నువ్వు ముందు పాత పుస్తకం తీసి టన్నుకి దిమ్మలు లెక్క చూడు, తర్వాత ఎనిమిది లోడ్లు తూచు. ఆ అంకెలు ఇక్కడ పెట్టు. దిమ్మ మందం, ఎన్ని గంటలకి తీస్తున్నారో కూడా తెలిస్తే రాయి, మామ దగ్గరికి వెళ్లేముందు కలిసి చూద్దాం.